54 కోట్లు వచ్చిన ఊళ్లో ఏ ధరలు పెరిగాయి, ఏవి పెరగలేదు

హనుమకొండ నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక మండల కేంద్రంలో నేను బ్యాంకు బ్రాంచి మేనేజరుగా పనిచేశాను. 2018 వేసవిలో ఆ మండలంలోని ఒక ఊరికి భూసేకరణ పరిహారం వచ్చింది. పోయిన భూమి 300 ఎకరాలు, పరిహారం ఎకరానికి 18 లక్షలు, మొత్తం 54 కోట్లు. సుమారు 180 కుటుంబాల ఖాతాల్లో ఆ డబ్బు పడింది, వాటిలో దాదాపు అన్నీ మా బ్రాంచివే. ఊళ్లో ఉన్నవి 600 ఇళ్లు. పత్తి, మక్కజొన్న, కొంత వరి తప్ప వేరే ఆదాయం లేని ఊరు.

ఊరి పేరు ఇక్కడ చెప్పను. అంకెలను గుండ్రంగా చేశాను, ఎవరినీ గుర్తుపట్టే వివరాలు లేకుండా చూశాను. డబ్బు పెరిగితే ధరలు పెరుగుతాయని పుస్తకాల్లో చదివినవాడినే నేను కూడా. కానీ అది ఏ దారిలో నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో కళ్లారా చూసింది ఆ ఏడాదిన్నరలోనే.

పరిహారం పడిన వారం నుంచే మా స్టాఫ్‌లో ఒక టెన్షన్ మొదలైంది. ఏటీఎంలో నగదు చాలదేమో, ఊళ్లో ధరలు ఒక్కసారిగా మండుతాయేమో అనుకున్నాం. అలా జరగలేదు. మే నుంచి సెప్టెంబరు దాకా ఏటీఎంలో ఎప్పటిలాగే వారానికి రెండుసార్లు డబ్బు నింపాం. మేస్త్రీ కూలి రోజుకు 600 రూపాయలే ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో భూమి ఎకరం 16 లక్షల దగ్గరే ఉంది. 54 కోట్లు వచ్చి ఐదు నెలలైనా ఊళ్లో ఏమీ కదలలేదు.

కారణం ఖాతాలను చూస్తే తెలిసింది. ఆ డబ్బు ఊళ్లోకి వచ్చింది గానీ తిరగడం లేదు. తమ్ముళ్ల మధ్య వాటాలు తేలలేదు, ఆడపిల్లల వాటా గురించి పెద్దమనుషుల దగ్గర మాటలు నడుస్తున్నాయి, కొందరు కోర్టుకు వెళ్దామా అని ఆలోచిస్తున్నారు. అంతవరకు ఎవరి డబ్బు వాళ్ల పొదుపు ఖాతాలోనో, ఎఫ్‌డీలోనో కూర్చుంది.

దీన్ని లెక్కలో పట్టుకోవడానికి బ్యాంకు వాళ్లకు సులువైన దారి ఒకటి ఉంది. ఒక నెలలో ఆ ఖాతాల నుంచి బయటికి వెళ్లిన మొత్తాన్ని, ఆ నెల సగటు నిల్వతో భాగిస్తే చాలు. మొదటి ఐదు నెలల్లో 180 ఖాతాల సగటు నిల్వ, ఎఫ్‌డీలు కూడా కలిపి, 50 కోట్ల పైచిలుకు. నెలకు బయటికి వెళ్లింది కోటి రూపాయలు. అంటే నిల్వలో యాభయ్యో వంతు. ఇదే నడకన పోతే ఒక్కో రూపాయి చేతులు మారడానికి సగటున నాలుగేళ్లు పడుతుంది.

మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నాకు దీనికి మూడు రెట్లు ఎక్కువ వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. పొదుపు ఖాతా నుంచి అదే మనిషి ఎఫ్‌డీకి మార్చిన డబ్బును కూడా నేను ఖర్చు కింద రాసుకున్నాను. ఆ డబ్బు చేయి మారలేదు, డబ్బా మాత్రమే మారింది. భర్త ఖాతా నుంచి భార్య ఖాతాకు పంపినవి కూడా అంతే. ఇలాంటివి తీసేయకుండా ఎవరైనా డబ్బు చేతులు మారే ఈ వేగాన్ని, అంటే చలామణి వేగాన్ని లెక్కిస్తే, కదలని డబ్బు కదిలినట్టు కనబడుతుంది.

దేశం స్థాయిలో కూడా ఇదే సంగతి కనిపిస్తుంది. 2020-21లో రిజర్వ్ బ్యాంకు లెక్కకట్టే ఎం3, అంటే జనం దగ్గరున్న నగదు, బ్యాంకుల్లోని డిపాజిట్లు కలిపిన మొత్తం, 12 శాతం దాకా పెరిగింది. అదే ఏడాది ధరలను కూడా కలుపుకున్న జీడీపీ కొంచెం తగ్గింది. డబ్బు పెరిగింది గానీ లాక్‌డౌన్‌ల భయంతో, కొనేందుకు దారి లేక అది ఆగిపోయింది. డబ్బు ఎంత పెరిగిందో ఒక్కటే చూసి ధరలు ఇంత పెరగాలి అని చెప్పేవాళ్లు మధ్యలో ఉన్న ఈ వేగాన్ని మర్చిపోతారు.

అర్థశాస్త్రంలో ఇర్వింగ్ ఫిషర్ పేరుతో చెప్పుకునే సమీకరణం ఇంతే:

```
M × V = P × T
```

M అంటే ఉన్న డబ్బు, V అంటే ఏడాదిలో ఆ డబ్బు ఎన్నిసార్లు చేతులు మారిందో ఆ లెక్క. P ధర, T జరిగిన కొనుగోళ్ల పరిమాణం. ఎడమవైపు ఇచ్చిన మొత్తం, కుడివైపు పుచ్చుకున్న మొత్తం. ఒకరు ఇచ్చింది ఇంకొకరు పుచ్చుకున్నదే కాబట్టి రెండూ ఎప్పుడూ సమానమే. ఇది నిర్వచనం, ఇందులో వాదించడానికి ఏమీ లేదు. తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎడమవైపు పెరిగినప్పుడు కుడివైపు P ఎంత పెరుగుతుంది, T ఎంత పెరుగుతుంది?

దసరా తర్వాత

దసరా నాటికి చాలా ఇళ్లలో వాటాలు తేలాయి. ఆ తర్వాత ఐదు నెలల్లో అవే ఖాతాల నుంచి నెలకు సగటున 7 కోట్లు బయటికి వెళ్లాయి, సగటు నిల్వ 35 కోట్లకు తగ్గింది. యాభయ్యో వంతు కాస్తా ఐదో వంతు అయింది. కొత్తగా ఒక్క రూపాయి రాలేదు, పైగా నిల్వ తగ్గుతోంది. అయినా ధరలు కదిలింది అప్పుడే.

మొదట కదిలింది భూమి. భూమి పోయిన రైతుకు మొదటి ఆలోచన మళ్లీ భూమే. దుకాణం పెట్టడమో, హైదరాబాద్‌లో ప్లాటు కొనడమో తర్వాతి సంగతి. చుట్టుపక్కల ఐదారు ఊళ్లలో మామూలు ఏడాదిలో చేతులు మారే భూమి 40 ఎకరాలు. బిడ్డ పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అమ్ముకునేవి అవి. ఎకరం 16 లక్షల లెక్కన ఏడాదికి జరిగే వ్యాపారం 6 కోట్ల 40 లక్షలు.

ఆ ఏడాది పరిహారం డబ్బులోంచి భూమి కోసం బయటికి వచ్చింది 22 కోట్లు. అది అక్కడితో ఆగలేదు. పక్క ఊళ్లో మూడెకరాలు అమ్మిన రైతు ఆ డబ్బుతో ఇంకా లోపలి ఊళ్లో నాలుగెకరాలు వెతుక్కున్నాడు. అలా అమ్మినవాళ్లు మళ్లీ కొన్నది 9 కోట్ల దాకా ఉంది. అంటే 22 కోట్లు 31 కోట్ల పని చేశాయి. ధరలు చూసి, మామూలుగా కొనేవాళ్లు ఆ ఏడాది వెనక్కి తగ్గారు.

6 కోట్ల 40 లక్షల డబ్బు తిరిగే చోట 31 కోట్లు తిరిగితే దాదాపు ఐదు రెట్లు. మరి ధర ఐదు రెట్లు పెరిగిందా? లేదు. 16 లక్షల ఎకరం 28 లక్షలయింది. అమ్మకానికి వచ్చిన భూమి కూడా 40 నుంచి 110 ఎకరాలకు పెరిగింది, ఎందుకంటే మంచి ధర వస్తోందని అమ్మే ఆలోచన లేనివాళ్లు కూడా అమ్మారు. 110 ఎకరాలను 28 లక్షలతో హెచ్చవేస్తే 30 కోట్ల 80 లక్షలు. డబ్బులో వచ్చిన ఆ ఐదు రెట్ల పెరుగుదల రెండుగా చీలింది: భూమి పరిమాణం రెండు ముప్పావు రెట్లు, ధర ఒకటి ముప్పావు రెట్లు. ఒక లెక్క ఇంత శుభ్రంగా తేలడం నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

అయితే 110 ఎకరాలు వచ్చిన చోట కావాల్సింది 300 ఎకరాలు. ఇక్కడే చాలామంది ఆశలు దెబ్బతిన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ 28 లక్షలు రిజిస్ట్రేషన్ కాగితాల్లో కనబడవు. చాలామంది రిజిస్ట్రేషన్‌లో ప్రభుత్వ విలువ దగ్గరగా ఎంతో కొంత రాసి, మిగతాది చేతికి ఇచ్చుకుంటారు. నేను ధరలు తీసుకున్నది బయానా కాగితాల నుంచి, అప్పు కోసం వచ్చి అసలు ధర చెప్పిన ఖాతాదారుల నుంచి. రిజిస్టర్లు చూసి ఉంటే ఆ మండలంలో ధరలు కొద్దిగానే పెరిగాయని రాసేవాడిని.

ఇంకొక చోట డబ్బు మాయమైంది కూడా. పక్క ఊళ్లో ఒకాయన 48 లక్షలకు మూడెకరాలు అమ్మి, అందులో 6 లక్షలు మా బ్రాంచిలో పాత పంట రుణం కట్టేశాడు. బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడు ఖాతాలో కొత్త డబ్బు పుడుతుంది, అప్పు తీరినప్పుడు అంత డబ్బు చలామణి నుంచి పోతుంది. ఆ 6 లక్షలు ఇక ఎవరి చేతికీ వెళ్లవు, మేము మళ్లీ ఎవరికైనా అప్పు ఇస్తే తప్ప. మిగతా 42 లక్షలు మాత్రం తిరుగుతూ పోయాయి.

లారీలో వచ్చేవి, రానివి

భూమి తర్వాత ఇళ్లు. దాదాపు 10 కోట్లు ఇళ్ల మీద పడ్డాయి. మేస్త్రీ కూలి 600 నుంచి సంక్రాంతి నాటికి 900 అయింది. ఇటుక ట్రాక్టరు, ఇసుక ట్రిప్పు కూడా పెరిగాయి. మండల కేంద్రంలో 1,500 ఉన్న రెండు గదుల ఇంటి కిరాయి 2,500 అయింది, ఎందుకంటే పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకునే కుటుంబాలు ఏడాది పాటు కిరాయికి దిగాయి.

బియ్యం, నూనె, ఉప్పు, సబ్బుల ధర మాత్రం పెరగలేదు. సిమెంటు బస్తా కూడా వరంగల్‌లో ఎంత ఉందో ఇక్కడా అంతే, రవాణా ఖర్చు అదనం. అమ్మకాలు మాత్రం చాలా పెరిగాయి. సిమెంటు దుకాణం సేటు నెలకు రెండు లారీలు తెప్పించేవాడు, ఆరు తెప్పించాడు. అతనికి ధర పెంచాలని లేక కాదు. పెంచితే కొనేవాళ్లు ట్రాక్టరు వేసుకుని వరంగల్ వెళ్లి తెచ్చుకుంటారు. మా ఊరి డబ్బు ఎంత పెరిగినా వరంగల్ మార్కెట్‌కు అది లెక్కలోకి రాదు. అందుకే సిమెంటు విషయంలో పెరుగుదల మొత్తం పరిమాణంలోకే వెళ్లింది, ధరలోకి ఏమీ రాలేదు.

ఈ రెండింటి మధ్యలో పాడి గేదెలు నాకు చాలా నేర్పాయి. నవంబరులో కొత్తగా గేదెలు కొనాలని 30, 40 కుటుంబాలు ఒకేసారి బయలుదేరాయి. అంగడిలో 60 వేల గేదె 80 వేలయింది. అది రెండు నెలలే. బేరగాళ్లకు కబురు అందింది, దూరం జిల్లాల నుంచి బండ్లలో గేదెలు దిగాయి. సంక్రాంతి దాటాక ధర మళ్లీ 60 వేలకు దగ్గరగా వచ్చింది. మేస్త్రీల విషయంలో ఇదే నెమ్మదిగా జరిగింది. బయటి జిల్లాల నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి పనివాళ్లు వచ్చి గుడిసెలు వేసుకున్నారు, ఏడాది తర్వాత కూలి 750 దగ్గర నిలబడింది. భూమిని మాత్రం ఎవరూ లారీలో తేలేరు. అది 28 లక్షల నుంచి దిగలేదు.

ఇదంతా డబ్బు వల్లే అని ఎలా చెప్పగలం? అప్పట్లో డీజిల్ ధర పెరుగుతోంది, రైతుబంధు కూడా ఆ మే నెలలోనే ఎకరానికి సీజన్‌కు 4 వేల చొప్పున మొదలైంది. అందుకని ముప్పై కిలోమీటర్ల దూరంలో, అదే పత్తి నేల, అదే రైతుబంధు, అదే డీజిల్ ఉన్న ఇంకో మండలంలో మా సహోద్యోగిని అడిగి ధరలు రాసుకున్నాను. అక్కడ మేస్త్రీ కూలి 600 నుంచి 650 అయింది, భూమి దాదాపు ఉన్నచోటే ఉంది. కాబట్టి మా దగ్గర కూలిలో పెరిగిన 300లో 50 అందరికీ వచ్చిన ఖర్చుల వల్ల అనుకోవచ్చు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఖర్చు పెరగడం వల్ల ధర పెరిగితే జనం తక్కువ కొంటారు. ఇక్కడ ధర పెరిగింది, కొనుగోళ్లూ పెరిగాయి. ఇటుకల ధర పెరిగినా బట్టీల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. ఈ రెండూ కలిసి పెరిగితే ఒత్తిడి కొనేవాడి డబ్బు వైపు నుంచి వస్తున్నట్టు.

ఊళ్లో మాత్రం అందరూ బ్రోకర్లను తిట్టారు. ఎకరానికి లక్ష తిన్నారు, ధరలు వాళ్లే పెంచారు అన్నారు. బ్రోకర్లు తిన్న మాట నిజమే. కానీ అవే మనుషులు అంతకు ముందు ఏడాది కూడా అక్కడే ఉన్నారు, అప్పుడు 16 లక్షలు దాటించలేకపోయారు.

దేశం మొత్తం మీద చూస్తే ఆ 54 కోట్లు చాలావరకు కొత్త డబ్బు కాదు. పన్నులుగానో, బాండ్లు అమ్మిన అప్పుగానో ఎవరి దగ్గరో తీసుకున్న డబ్బు మా ఊరికి చేరింది. ఎక్కడో కొనే శక్తి తగ్గి ఇక్కడ పెరిగింది. అందుకే దేశం ధరల సూచీలో దీని జాడ ఉండదు. అలాంటి 54 కోట్లు దేశంలో ప్రతి ఊరికీ బ్యాంకు అప్పుల రూపంలో కొత్తగా పుట్టి వస్తే, వరంగల్ సిమెంటు కూడా పెరుగుతుంది, గేదెలు తేవడానికి వేరే జిల్లా ఉండదు. బయట నుంచి సరుకు తెచ్చుకునే వీలు ఒక ఊరికి ఉన్నంత సులువుగా ఒక దేశానికి ఉండదు. మా ఊరి కేసు నుంచి దేశానికి లెక్క కట్టేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. జీడీపీని ఎం3తో భాగించి చెప్పే చలామణి వేగంలో భూమి కొనుగోళ్లు అసలు లెక్కకు రావు, ఎందుకంటే ఉన్న భూమి చేతులు మారడం కొత్త ఉత్పత్తి కాదు. మా ఊళ్లో అన్నింటికంటే వేగంగా తిరిగిన డబ్బు ఆ లెక్కలో కనబడదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లు

పరిహారం పడిన వారంలోనే ఒక పెద్దాయన కొడుకుతో కలిసి వచ్చాడు. రెండెకరాలకు 36 లక్షలు వచ్చాయి. "సార్, తొందరపడాల్నా, ఆగాల్నా?" అని అడిగాడు. ఆగమన్నాను. ఇలాంటి సమయంలో మోసపోయేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, ఏడాది ఎఫ్‌డీలో పెట్టి నిదానంగా మంచి భూమి చూసుకోమని చెప్పాను. ఆయన నా మాట విన్నాడు. 14 నెలల తర్వాత 7 శాతం వడ్డీతో ఆ డబ్బు 39 లక్షలకు కొంచెం తక్కువైంది. అప్పటికి ఎకరం 28 లక్షలు. ఎకరం 15 గుంటలు కొన్నాడు. దసరాకు ముందే కొని ఉంటే రెండెకరాల పది గుంటలు వచ్చేది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఎకరం 15 గుంటల పట్టా నకలు మా బ్రాంచికి వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందరికీ వెంటనే కొనమని చెప్పి ఉంటే బాగుండేదా అని చాలాసార్లు ఆలోచించాను. 180 కుటుంబాలు జూన్‌లోనే బయలుదేరి ఉంటే జూన్‌లోనే ధర పెరిగేది. ముందు వెళ్లిన పదిమందికి పాత ధర, తర్వాతివాళ్లకు కొత్త ధర. డబ్బు ఏ వరుసలో చేతులు మారుతుందో ఆ వరుసలోనే లాభనష్టాలు పంచబడతాయి. నేను ఇప్పుడు అడిగినవాళ్లకు చెప్పేది వేరు: మీ ఊళ్లో అందరికీ ఒకేసారి డబ్బు వచ్చిందా, వాళ్లందరూ కొనాలనుకునేది ఒకటేనా అని ముందు చూసుకోండి. అవును అయితే, ఆ డబ్బు చేరని దూరంలో వెతకండి. ఆ ఊళ్లోనే ముగ్గురు అన్నదమ్ములు ఆదిలాబాద్ వైపు వెళ్లి కొన్నారు, పోయిన దానికంటే ఎక్కువ భూమి వచ్చింది.

పరిహారం లెక్క కూడా ఈ విషయంలో రైతుకు తోడు రాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి మార్కెట్ విలువ ముఖ్యంగా కట్టేది అంతకు ముందు మూడేళ్ల రిజిస్ట్రేషన్ల నుంచి, వాటిలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటుతో. దాన్ని పల్లెల్లో కొంత హెచ్చించి, అంతే మొత్తం మళ్లీ కలిపి ఇస్తారు. అంటే లెక్క మొత్తం డబ్బు రాకముందు ధరల మీద నడుస్తుంది, రైతు కొనుక్కోవాల్సింది డబ్బు వచ్చాక ధరలకు.

ఇక పరిహారం అసలు రానివాళ్లు. ఐదెకరాలు కౌలుకు చేసుకునే ఒక మహిళ, మహిళా సంఘం అప్పు కోసం మార్చిలో వచ్చింది. ప్రతి ఏడూ తీసుకునే దానికంటే 25 వేలు ఎక్కువ అడిగింది. ఎందుకని అడిగితే లెక్క చెప్పింది. ఎకరానికి 10 వేలున్న కౌలు 15 వేలయింది. భూమి పోయినవాళ్లు, ఇంకా కొనలేకపోయినవాళ్లు కూడా ఆ ఏడాది కౌలుకే వచ్చారు, పైసలు ముందే కట్టి తీసుకున్నారు.

"నాకు ఒక్క రూపాయి రాలే సార్. పెరిగిన రేటు మాత్రం నాకూ వచ్చింది" అంది.

ఆమె కూలికి పోయినా ఆ ఖర్చు తీరదు. మేస్త్రీ కూలి పెరిగినంతగా పత్తి ఏరే కూలి పెరగలేదు, ఎందుకంటే పరిహారం డబ్బు ఇళ్ల మీద పడింది గానీ పత్తి మీద పడలేదు, పైగా 300 ఎకరాల పత్తి చేనే పోయింది. సంఘం పరిమితి మేరకు అప్పు ఇచ్చాను, అడిగినంత ఇవ్వలేకపోయాను. నేను బదిలీ అయ్యే నాటికి గేదెలు పాత ధరకు వచ్చాయి, మేస్త్రీ కూలి 750కి దిగింది, కౌలు 14 వేల దగ్గర ఉంది. ఆమె ఐదెకరాల్లో మూడు వదిలేసుకుంది.